చేయి తిరిగినవాడికి 19-19 దగ్గర చెయ్యి ఎందుకు తిరగదు

సంక్రాంతి రోజుల్లో కోనసీమలో ఏదో ఒక ఊళ్లో షటిల్ డబుల్స్ టోర్నమెంట్ జరుగుతోందనుకుందాం. ఫైనల్, మూడో గేమ్, స్కోరు 19-19. సర్వీస్ చెయ్యాల్సిన కుర్రాడు ఎనిమిదేళ్లుగా ఆడుతున్నాడు, షార్ట్ సర్వీస్‌లో చుట్టుపక్కల మండలాల్లో అతనికి పేరుంది, పొద్దుటినుంచి ఆడిన మ్యాచుల్లో ఒక్క సర్వీస్ కూడా నెట్‌కి కొట్టలేదు. ఇప్పుడు కాక్ పట్టుకుని నిలబడ్డాడు, ఎప్పుడూ నిలబడే దానికంటే ఓ రెండు సెకన్లు ఎక్కువే నిలబడ్డాడు, రాకెట్ కదిలింది, కాక్ వెళ్లి నెట్ పై అంచున ఉండే టేపుకి తగిలి ఇటువైపే రాలిపోయింది. ప్లాస్టిక్ కుర్చీల్లోంచి ఒక్కసారిగా "అయ్యో" అని లేచింది, ఆ వెనకాలే ఎవరో "భయపడ్డాడ్రా" అని తీర్పు కూడా ఇచ్చేశారు.

భయపడ్డాడు, నిజమే. కానీ ఆ మాటతో ఏమీ తెలియదు. భయం గుండెలో పుడితే తప్పు మణికట్టులో ఎందుకు జరిగింది? పైగా అదే కుర్రాడు 18-19లో, అంటే అంతకుముందు పాయింట్‌లోనే, మీదకొచ్చిన స్మాష్‌ని భలేగా తిప్పికొట్టాడు. అప్పుడూ గుండె అలాగే కొట్టుకుంటోంది, అప్పుడూ అదే ఫైనల్. స్మాష్‌కి లేని భయం సర్వీస్‌కి ఎక్కణ్ణించి వచ్చింది? రెండింటి మధ్య తేడా భయంలో లేదు. ఆ క్షణంలో అతని గమనిక ఎక్కడుంది అన్నదాంట్లో ఉంది. స్మాష్ వచ్చేటప్పుడు తన చేతివైపు చూసుకునే తీరికే లేదు. సర్వీస్ దగ్గర కావాల్సినంత తీరిక ఉంది, ఆ తీరికే కొంప ముంచింది.

దీన్నే ఆటల భాషలో చోక్ అవడం అంటారు. ఓడిపోయిన ప్రతివాడూ చోక్ అయినట్టు కాదు, ఎదుటివాడు బాగా ఆడితే ఓడిపోవడం మామూలే. బాగా ఆడాలని అందరికంటే ఎక్కువగా కోరుకున్న సమయంలోనే, తన మామూలు స్థాయికంటే కిందికి పడిపోవడం చోక్. రాయ్ బౌమైస్టర్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1984లో దీని మీద రాసిన పరిశోధనలో ఒక మాట స్పష్టంగా చెప్పాడు: ఒత్తిడి పెరిగితే మనిషి తన పనిని తానే కనిపెట్టుకోవడం మొదలుపెడతాడు, అలా కనిపెట్టుకోవడమే పనిని పాడుచేస్తుంది. తర్వాత ఇరవై ఏళ్లలో వచ్చిన చాలా ప్రయోగాలు ఈ మాట చుట్టూ తిరిగినవే.

ముందు ఆ సర్వీస్‌ని కాస్త దగ్గరగా చూద్దాం, ఎందుకంటే మొత్తం కథ అక్కడే ఉంది. షటిల్ నెట్ మధ్యలో 1.524 మీటర్ల ఎత్తుంటుంది. 2018 నుంచి అంతర్జాతీయ ఆటలో ఉన్న రూల్ ప్రకారం సర్వీస్ కొట్టే క్షణానికి కాక్ మొత్తం నేలనుంచి 1.15 మీటర్ల లోపే ఉండాలి. అంటే కాక్ కనీసం 37 సెంటీమీటర్లు పైకి లేచి నెట్ దాటాలి, దాటాక ఇక లేవకూడదు, అవతల 1.98 మీటర్ల దూరంలో ఉన్న షార్ట్ సర్వీస్ గీత దాటి పడాలి. ఆ గీతకి ఆనుకునే ఎదుటివాడు రాకెట్ పైకెత్తి, ఒక కాలు ముందుకేసి కాచుకుని ఉంటాడు. నెట్ మీద కాక్ ఒక జానెడు ఎత్తులో కనిపించిందా, మీద పడి చంపేస్తాడు. ఇంత సన్నటి సందులోంచి పంపడానికి చెయ్యి చేసే పని చూస్తే ఏమీ ఉండదు. బ్యాక్‌హ్యాండ్ పట్టు, హ్యాండిల్ వెనక బొటనవేలు, ఎడమచేతి రెండు వేళ్లతో ఈక అంచు పట్టుకోవడం, ఓ చిన్న తోపు. అంతే. మోచెయ్యి, మణికట్టు, వేళ్ల బిగింపు, కాక్ వదిలే సమయం ఇవన్నీ ఆ చిన్న తోపులో ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి.

(అమలాపురం నుంచి వెళ్లిన సాత్విక్ సాయిరాజ్ 2023లో గంటకి 565 కిలోమీటర్ల స్మాష్‌తో గిన్నిస్ రికార్డు కొట్టాడు, అదే ఏడాది చిరాగ్ శెట్టితో కలిసి ఆసియా క్రీడల స్వర్ణమూ తెచ్చాడు. మరి ఇక్కడి పిల్లలంతా స్మాషే ప్రాక్టీస్ చేస్తారు, అది సహజం. కానీ 19-19 దగ్గర మ్యాచ్ తేలేది చాలాసార్లు కోర్టులో అన్నిటికంటే నెమ్మదిగా వెళ్లే ఆ షాట్ మీదే.)

ఇలాంటి పని కొత్తలో ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. నేర్చుకునేవాడు ఒక్కో ముక్కా మనసులో అనుకుంటూ చేస్తాడు. పట్టు ఇలా, మోచెయ్యి ఇంత ఎత్తు, మణికట్టు విరవకూడదు, కాక్ విసరకూడదు, వదలాలి. బుర్ర నిండా సూచనలే. ఏడాది, రెండేళ్లు పోయాక ఆ ముక్కలన్నీ అతుక్కుపోయి ఒకే కదలిక అవుతాయి. అప్పుడు 'సర్వీస్ వెయ్యి' అన్న ఒక్క ఆలోచన చాలు, మిగతాది చెయ్యి చూసుకుంటుంది. మన భాషలో 'చేయి తిరిగినవాడు' అన్నమాట సరిగ్గా దీనికే పుట్టింది. తిరిగేది చెయ్యి, తిప్పేవాడు కాదు.

దీనికి షటిల్ కోర్టుకే వెళ్లక్కర్లేదు. నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు అరుగుల మీద కూర్చుని లేసు అల్లుతుంటారు. క్రోషె సూది చకచకా ఆడుతుంటుంది, నోరు పక్కింటి పెళ్లి సంగతులు మాట్లాడుతుంటుంది, కళ్లు వీధిలో వెళ్లేవాళ్ల మీద ఉంటాయి, కుట్టు మాత్రం తప్పదు. అప్పుడు ఎవరైనా వెళ్లి "దారం ఏ వేలి మీదనుంచి తీస్తున్నావమ్మా, సూది ముందు కిందకి పోతుందా పక్కకి తిరుగుతుందా" అని అడిగితే, "ఏమోనండీ, చెయ్యే అల్లేస్తుంది" అంటుంది. పోనీ చూసి చెబుదామని తన చేతిని తానే చూసుకుంటూ అల్లితే వేగం పడిపోతుంది, ఒకటి రెండు చోట్ల దారం జారుతుంది, విసుక్కుని మళ్లీ మొదలుపెడుతుంది. ఆవిడకి పని రాక కాదు. వచ్చిన పని చెప్పగలిగే రూపంలో లేదు, అంతే. చెప్పడానికి దాన్ని విప్పాలి, విప్పితే అల్లిక ఆగుతుంది.

ఈ 'ఏమోనండీ' ఉట్టి మాట కాదని గోల్ఫ్ మీద జరిగిన ఒక ప్రయోగంలో చాలా ముచ్చటగా బయటపడింది. సయాన్ బైలాక్, థామస్ కార్ అనే ఇద్దరు సైకాలజిస్టులు 2001లో ప్రచురించిన పరిశోధన అది. బాగా ఆడే గోల్ఫర్ల చేతా, కొత్తవాళ్ల చేతా బంతిని రంధ్రంలోకి నెట్టించారు, తర్వాత 'ఇందాక కొట్టిన ఆ షాట్ గురించి గుర్తున్నదంతా చెప్పండి' అన్నారు. మామూలుగా ఇలా నెట్టే షాట్, అంటే పుట్, ఎలా కొట్టాలో చెప్పమంటే నిపుణులు పెద్ద ఉపన్యాసమే ఇచ్చారు. కానీ ఇప్పుడే తాము కొట్టిన ఫలానా షాట్ గురించి మాత్రం కొత్తవాళ్లకంటే తక్కువ చెప్పగలిగారు. చూసినదే గుర్తుంటుంది, వాళ్లు తమ చేతిని చూడనే లేదు మరి. ఆ తర్వాత వాళ్లకి వంకరటింకర కర్ర, బరువు ఎటో ఉన్నది, ఒకటి ఇచ్చారు. ఆ కర్రతో కొట్టాక అదే నిపుణులకి జ్ఞాపకాలు బోలెడు వచ్చేశాయి. పాత కదలిక పనికిరాకపోయేసరికి ఒక్కో అడుగూ చూసుకుంటూ కొట్టాల్సొచ్చింది, చూశారు కాబట్టి గుర్తుంది.

అయితే చేతిని చూసుకోవడం వల్లే పని చెడుతుందా, లేక పని చెడినప్పుడు మనిషి చెయ్యి చూసుకుంటాడా? ఇది తేలకపోతే మొత్తం వాదన గాల్లో ఉన్నట్టే. దీన్ని విడదీయడానికి బైలాక్ వాళ్లే 2002లో ఫుట్‌బాల్ ఆటగాళ్లని పెట్టి ఇంకో పని చేశారు. శంకువుల్లాంటి అడ్డుల మధ్య నుంచి బంతిని తన్నుకుంటూ మెలికలు తిరుగుతూ వెళ్లాలి. ఒకసారి వెళ్లేటప్పుడు చెవిలో మాటలు వినిపిస్తాయి, వాటిలో ఒక ఫలానా మాట వస్తే దాన్ని తిరిగి అనాలి. ఇంకోసారి వెళ్లేటప్పుడు ఒక బీప్ వినిపిస్తుంది, వినిపించగానే ఇప్పుడు బంతికి తగిలింది పాదం లోపలి వైపా, బయటి వైపా అని చెప్పాలి.

ఒట్టి కామన్ సెన్స్‌తో ఆలోచిస్తే ఆటకి సంబంధం లేని మాటలు వినడం వల్ల ఆట పాడవ్వాలి, పాదం గురించి ఆలోచిస్తే ఆట బాగుపడాలి. కొత్తవాళ్ల విషయంలో సరిగ్గా అలాగే జరిగింది. అనుభవజ్ఞుల విషయంలో మాత్రం లెక్క తిరగబడింది: మాటలు వింటూ హాయిగా, వేగంగా వెళ్లిపోయారు, పాదం ఏ వైపు తగిలిందో చూసుకోమనేసరికి నెమ్మదించిపోయారు. ఇందులో అన్నిటికంటే బాగున్న ముక్క ఇంకొకటుంది. అదే అనుభవజ్ఞుల్ని అలవాటు లేని కాలితో, అంటే కుడికాలివాళ్లని ఎడమకాలితో తన్నమంటే, అప్పుడు పాదం వైపు చూసుకోవడం వల్ల మేలే జరిగింది. మనిషి ఒకడే, ఆట ఒకటే, కాలు మారింది. చూసుకోవడం చెడ్డదీ కాదు మంచిదీ కాదు, ఇంకా ముక్కలుగా ఉన్న పనికి అది ఊతం, అతుక్కుపోయిన పనికి అది గొడ్డలి.

ఇంకో మెట్టు మిగిలింది. ఈ ప్రయోగాల్లో ఎవరో 'నీ కాలు చూసుకో' అని చెప్పారు. ఫైనల్లో కుర్రాడికి ఎవరూ చెప్పలేదు కదా. ఒత్తిడి తనంతట తానే గమనికని లోపలికి తిప్పుతుందా? దీనికి జవాబు రాబ్ గ్రే 2004లో బేస్‌బాల్ బ్యాటర్ల మీద చేసిన పనిలో దొరుకుతుంది. కంప్యూటర్ సృష్టించిన బంతిని బ్యాటర్ కొట్టాలి, మధ్యలో ఒక శబ్దం వస్తుంది. ఆ శబ్దం వచ్చిన క్షణంలో బ్యాట్ పైకి పోతోందా కిందికి పోతోందా అని చెప్పాలి. మామూలుగా ఆడేటప్పుడు నిపుణులు దీన్ని చెప్పడంలో తడబడ్డారు, చెప్పాల్సి వచ్చేసరికి ఆటా చెడింది. తర్వాత వాళ్ల మీద ఒత్తిడి పెట్టారు. ఆట పడిపోయింది, అది ఊహించిందే. కానీ దాంతో పాటు బ్యాట్ ఎటు పోతోందో చెప్పడంలో వాళ్లు ఒక్కసారిగా మెరుగైపోయారు. తన బ్యాట్ గురించి మనిషికి అంత బాగా తెలుస్తోందంటే, దాన్నే చూస్తున్నాడని అర్థం. ఎవరూ చూడమనలేదు, ఒత్తిడే చూడమంది. ఫామ్ పోయి తంటాలు పడుతున్న బ్యాటర్లలో కూడా ఇదే కనిపించింది, దంచి కొడుతున్న రోజుల్లో మాత్రం ఈ సంగతి వాళ్లకి సరిగ్గా తెలియదు. చోక్ అవడానికి ఇంతకంటే సూటి సాక్ష్యం వెతకడం కష్టం.

ఎందుకు తిప్పుతుంది అంటే, ఇది బుద్ధి తక్కువై జరిగేది కాదు. ముఖ్యమైన పని వచ్చినప్పుడు జాగ్రత్తగా ఉండాలనుకోవడం మనిషి నైజం. పుట్టినప్పటినుంచి 'చూసుకుని నడు, చూసుకుని పట్టుకో' అని పెంచుతారు, చాలా పనుల్లో అది పనికొస్తుంది కూడా. పంటకాలువ మీద తాటిదుంగ వేసి ఉంటే రోజూ పొలం వెళ్లేవాడు దాని మీద గడ్డిమోపుతో నడిచిపోతాడు. ఒడ్డున నలుగురు నిలబడి చూస్తున్నప్పుడు, పైగా కొత్త బట్టల్లో ఉన్నప్పుడు, జాగ్రత్తగా దాటుదామని అడుగు అడుగుకీ పాదం వైపు చూస్తాడు, అప్పుడే ఊగుతాడు. రిచ్ మాస్టర్స్ అనే పరిశోధకుడు దీన్ని మళ్లీ పెట్టుబడి పెట్టడం లాంటిదన్నాడు: ఎప్పుడో నేర్చుకునేటప్పుడు వాడి మర్చిపోయిన సూత్రాలన్నీ బయటికి తీసి, పూర్తయిపోయిన పనిలో తిరిగి పెట్టుబడిగా పెట్టడం.

ఇప్పుడు మళ్లీ మన కుర్రాడి దగ్గరికి వద్దాం. 19-19లో ఆ రెండు సెకన్లు ఎక్కువ నిలబడ్డాడే, అక్కడ జరిగింది ఇదీ. 'ఈ ఒక్కటి నెట్‌కి కొట్టకూడదు' అనుకున్నాడు. అనుకోగానే దాన్ని కొట్టకుండా ఉండటానికి ఏం చెయ్యాలా అన్న ప్రశ్న వచ్చింది, ఆ ప్రశ్నకి జవాబు ఎనిమిదేళ్ల కిందట కోచ్ చెప్పిన మాట: మణికట్టు విరవకు. దాంతో మణికట్టు బిగించాడు. మణికట్టు బిగిస్తే వేళ్లూ బిగుస్తాయి, హ్యాండిల్ నలిగిపోయేలా పట్టుకున్నాడు. మామూలు సర్వీస్‌లో వేళ్లు వదులుగా ఉండి, కాక్ తగిలే క్షణంలో మాత్రం చిన్నగా బిగుస్తాయి, ఆ చిన్న బిగింపే కాక్‌ని నెట్ దాటించే శక్తి. ముందే బిగిసిపోయి ఉంటే ఇక బిగించడానికి ఏమీ మిగలదు. పైగా ఇన్నాళ్లూ ఒకేసారి జరిగిన రెండు పనులు, ఎడమచెయ్యి కాక్ వదలడం, కుడిచెయ్యి తోయడం, ఇప్పుడు ఒకదాని తర్వాత ఒకటి జరిగాయి, తేడా రెప్పపాటు కూడా ఉండదు, కానీ ఆ పాటికే కాక్ కాస్త కిందికి దిగింది. తోపు సరిపోలేదు, టేపు తగిలింది.

భయపడిన శరీరం బిగుసుకుపోవడం ఎత్తైన క్లైంబింగ్ గోడలు ఎక్కే ప్రయోగాల్లో కూడా చూశారు. అదే గోడ, అవే పట్టులు, కానీ నేల దగ్గర కాకుండా పైన ఏర్పాటు చేస్తే కొత్తవాళ్లు ప్రతి పట్టునీ ఎక్కువసేపు పట్టుకుని ఉండిపోయారు, కదలికల్లో సాఫీతనం పోయింది. కొబ్బరిచెట్టు ఎక్కడం కొత్తగా నేర్చుకునేవాణ్ణి చూసినా ఇంతే. సగం దాకా ఎక్కి చెట్టుని వాటేసుకుని ఉండిపోతాడు.

సరే, ఇంతవరకూ ఒకటే కథ చెప్పినట్టుంది, కానీ చోక్ అయిన ప్రతిసారీ ఇదే జరుగుతుందనుకుంటే పొరపాటు. దీనికి పోటీగా ఇంకో వివరణ ఉంది, అదీ తీసిపారేసేది కాదు. గమనిక లోపలికి, చేతిలోకి పోవడం కాదు, అసలు ఆటలోంచే బయటికి పోవడం: ఓడిపోతే ఏమంటారు, ప్రైజ్ మనీ, నాన్న చూస్తున్నాడు, పోయినేడు కూడా ఇలాగే అయింది. రౌల్ ఊడెజాన్స్ బృందం 2011లో మంచి ఆటగాళ్లని ఒత్తిడిలో మీ మనసులో ఏం తిరుగుతుందని అడిగితే, కదలికల గురించి ఆలోచించామని చెప్పినవి తక్కువ, ఇలాంటి దిగుళ్లే ఎక్కువ. మరి గ్రే చెప్పింది తప్పా? కాదు. మనిషి తర్వాత గుర్తు చేసుకుని చెప్పేది దిగులు, ఎందుకంటే దిగులు మాటల్లో ఉంటుంది. బ్యాట్ ఎటు పోతోందన్న స్పృహ మాటల్లో ఉండదు. రెండూ ఒకే మనిషిలో, ఒకే మ్యాచ్‌లో ఉండొచ్చు. నా లెక్కలో ఏది నిజం అని పోట్లాడుకోవడం కంటే, ఏ పనిని ఏది చెడగొడుతుందో చూడటం మేలు.

సర్వీస్‌లో రెండు పనులున్నాయి. ఒకటి ఎంచుకోవడం: ఎదుటివాడు బాగా ముందుకొచ్చి నిలబడ్డాడా, అయితే అతని తల మీదుగా వెనక్కి ఫ్లిక్ వేస్తే ఎలా ఉంటుంది, ఇందాక రెండుసార్లు మధ్య గీతకి వేశాం, ఈసారి బయటికి వేద్దామా, పార్ట్‌నర్ వేళ్లతో ఏం సైగ చేశాడు. ఇది బుర్ర చేసే పని, దీనికి గమనిక కావాలి, దిగులు ఆ గమనికని తినేస్తే ఈ పని చెడుతుంది. రెండోది కొట్టడం. ఇది చేతి పని, దీనికి గమనిక అక్కర్లేదు, ఇస్తేనే చెడుతుంది. కాబట్టి తప్పు ఎలా ఉందో చూస్తే ఏది జరిగిందో చాలావరకు పట్టుకోవచ్చు. కుర్రాడు సర్వీస్ చక్కగానే వేశాడు, కానీ ఎదుటివాడు కాచుకుని ఉన్న చోటికే వేశాడు, లేదా పార్ట్‌నర్ సైగ ఒకటైతే తాను ఇంకొకటి వేశాడు అంటే, మనసు కోర్టులో లేదు. సరైన సర్వీసే ఎంచుకున్నాడు, కానీ టేపుకి తగిలింది లేదా నెట్ మీద తేలి లేచింది, వేళ్లు తెల్లబడేలా పట్టు బిగిసింది, నిలబడటం ఎక్కువైంది అంటే మనసు మరీ ఎక్కువగా చేతిలో ఉంది. ఇది నూటికి నూరుపాళ్లు పనిచేసే పరీక్షేమీ కాదు, అలసిపోయినా కాక్ నెట్‌కి తగులుతుంది, ఈకలు విరిగిన కాక్ అయినా తేడా కొడుతుంది. కానీ అలసట అయితే అంతకుముందు నాలుగైదు పాయింట్ల నుంచే కాళ్లలో కనిపించాలి. 19-19 దాకా శుభ్రంగా ఉండి ఒక్క సర్వీస్ దగ్గరే ఊడిపడదు.

అందుకే బయటినుంచి చూసి పెద్ద ఆటగాళ్ల మీద తీర్పులు ఇవ్వడంలో కాస్త తగ్గడం మంచిది. 1993 వింబుల్డన్ ఫైనల్లో యానా నొవోత్నా మూడో సెట్లో స్టెఫీ గ్రాఫ్ మీద 4-1 ఆధిక్యంలో ఉంది, 5-1 చేసుకునే గేమ్ పాయింట్ కూడా చేతిలో ఉంది, అక్కడ మొదటి సర్వీసూ రెండో సర్వీసూ తప్పి డబుల్ ఫాల్ట్ చేసింది, తర్వాత వరసగా గేములన్నీ పోయి 6-4తో సెట్టూ కప్పూ పోయాయి. చోక్ అనగానే ప్రపంచమంతా ఆ మ్యాచ్‌నే చూపిస్తుంది. రెండో సర్వీస్ మన షార్ట్ సర్వీస్ లాంటిదే, ఎదుటివాళ్ల జోక్యం లేదు, కావాల్సినంత తీరిక ఉంది, తప్పు మొత్తం తనదే. గమనిక చేతిలోకి పోయే అవకాశం ఉన్న చోటే పడింది, అంతవరకూ చెప్పొచ్చు. ఆ క్షణంలో ఆమె దేన్ని చూస్తోందో వీడియో చెప్పదు. 1998లో అదే కోర్టులో అదే కప్పు గెలిచింది కాబట్టి 'గుండె లేదు' అన్నమాట మాత్రం కచ్చితంగా చెల్లదు.

ఈ లెక్కన చూస్తే మన టోర్నమెంట్లలో గీత బయట నిలబడి అరిచే సలహాల్లో సగం విషమే. పాయింట్‌కీ పాయింట్‌కీ మధ్య సందు దొరికితే చాలు, "ఒరే మణికట్టు చూస్కో, రాకెట్ కిందకి దించకు, మోచెయ్యి లేపు" అని మొదలుపెడతారు. ప్రేమతోనే చెబుతారు, చెప్పిందీ తప్పు కాదు, ప్రాక్టీస్‌లో అయితే అవి బంగారం లాంటి మాటలు. కానీ చేయి తిరిగినవాడికి ఆ సమయంలో చెప్పడం అంటే బీప్ కొట్టి 'పాదం ఏ వైపు' అని అడగడమే. అదే మాట ఆరు నెలల కిందట రాకెట్ పట్టిన పిల్లాడికి చెబితే ఉపకారం, ఎందుకంటే వాడి సర్వీస్ ఇంకా ముక్కలుగానే ఉంది. మనవాళ్లు ఇద్దరికీ ఒకే మాట చెబుతారు, చిక్కంతా అక్కడే.

ఇక మందు సంగతి. గమనికని ఆపడం కుదరదు, దానికి ఎక్కడో ఒక చోటు చూపించాలి. 'చేతి గురించి ఆలోచించకు' అంటే చేతి గురించే ఆలోచిస్తాడు. గాబ్రియెలె వుల్ఫ్ చాలా ఏళ్లు చేసిన పరిశోధనల్లో తేలింది ఏమిటంటే, సొంత శరీరం మీద కాకుండా శరీరం బయట జరగాల్సిన ఫలితం మీద దృష్టి పెడితే కదలిక సాఫీగా ఉంటుంది. షటిల్‌కి దాన్ని తెచ్చుకుంటే, మణికట్టుకి బదులు టేపు మీద ఒక చోటు చూసుకుని కాక్‌ని దాని మీదుగా జార్చడం మీద మనసు పెట్టాలి. కోచ్ ఏదైనా చెప్పి తీరాలనుకుంటే "టేపు మీదుగా జార్చు" అనొచ్చు, అందులో శరీరంలోని ఏ అవయవం పేరూ లేదు. నేర్పేటప్పుడే సూత్రాలు తగ్గించి ఇలాంటి పోలికలతో నేర్పితే, ఒత్తిడిలో బయటికి తీయడానికి సూత్రాలే పెద్దగా ఉండవు. మాస్టర్స్ 1992లో చేసిన పుటింగ్ ప్రయోగంలో, సూత్రాలు పోగుచేసుకునే వీలు లేకుండా నేర్చుకున్నవాళ్లు ఒత్తిడిలో పడిపోకపోవడానికి కారణం అదే.

రెండోది ప్రాక్టీస్‌లోనే చూపులకి అలవాటు పడటం. బైలాక్, కార్ చేసిన ఆ 2001 పరిశోధనలోనే ఒక గుంపుకి మొదటినుంచీ కెమెరా ముందు నేర్పారు, ఈ వీడియో గోల్ఫ్ కోచ్‌లు చూస్తారని చెప్పారు. చివర్లో ఒత్తిడి పెట్టినప్పుడు మామూలుగా నేర్చుకున్నవాళ్లు పడిపోయారు, కెమెరా ముందు నేర్చుకున్నవాళ్లు పడిపోలేదు. తమని తాము గమనించుకోవడం వాళ్లకి కొత్త కాదు, అంతకుముందే దాన్ని తట్టుకుని ఆడటం నేర్చుకున్నారు. ఇక్కడ దీనికి ఖర్చు కూడా లేదు. ప్రాక్టీస్ చివర్లో ఫోన్ స్టాండ్‌కి పెట్టి, మిగతావాళ్లంతా గీత చుట్టూ నిలబడి, స్కోరు 19-19 అని పైకి అనిపించి ఒక్కొక్కరి చేత సర్వీస్ వేయించాలి. వంద సర్వీసులు వరసగా వేయించడం వేరు, ఇది వేరు. వందలో పది పోయినా ఎవరికీ పట్టదు, ఇక్కడ ఉన్నది ఒక్కటే, పోతే అందరూ చూస్తారు. అలాగని ఊళ్లో పదిమంది ముందు వేసిన సర్వీస్ ఫైనల్‌కి సమానం కాదు, నిజం ఒత్తిడిని ప్రాక్టీస్‌లో పూర్తిగా తేవడం అసాధ్యం, కొంచెం తెచ్చినా పనికొస్తుందన్నదే ఇందులో ఆశ.

నిలబడే సమయం గురించి కూడా ఒక మాట. కుర్రాడు రెండు సెకన్లు ఎక్కువ నిలబడ్డాడు కాబట్టి తొందరగా వేసెయ్యమని చెప్పడం తప్పు మందు. తొందరపడి వేసేవాళ్లు కూడా చోక్ అవుతారు, ఆ ఇబ్బంది నుంచి ఎలాగోలా బయటపడాలని వేసేస్తారు. కావాల్సింది ఎప్పుడూ పట్టేంత సమయమే పట్టడం. అందుకే చాలామంది మంచి సర్వర్లకి ఒక వరస ఉంటుంది: కాక్ ఈకలు ఒకసారి సవరించడం, ఎదుటివాణ్ణి చూడటం, ఎక్కడికో నిర్ణయించుకోవడం, ఊపిరి వదలడం, టేపు చూడటం, వేసెయ్యడం. బయటికి ఇది చాదస్తంలా కనిపిస్తుంది, కొందరికి అది నిజంగానే చాదస్తం. కానీ ఈ వరసలో నిర్ణయం ముందు, ఊపిరి తర్వాత వస్తుంది. అంటే ఎంచుకునే పని అయిపోయాకే కొట్టే పని మొదలవుతుంది, మధ్యలో మణికట్టు గురించి అనుకోవడానికి ఖాళీ దొరకదు. వరస ఉండి కూడా ఊపిరి వదిలాక మళ్లీ 'ఫ్లిక్ వేద్దామా' అని మనసు మార్చుకున్నాడంటే ఆ సర్వీస్ దాదాపు పోయినట్టే. అలా మనసు మారితే కాక్ కిందికి దించి మొదటినుంచి మొదలుపెట్టాలి, ఎదుటివాడు చేయి ఎత్తి విసుక్కున్నా సరే, అంపైర్ ఆలస్యం అననంత వరకు.

చివరిగా కాస్త వింతగా అనిపించేది ఒకటి. యుర్గెన్ బెక్‌మన్ బృందం 2013లో జర్మనీలో ఫుట్‌బాల్, టైక్వాండో, బ్యాడ్మింటన్ ఆటగాళ్ల మీద ఒక చిన్న ఉపాయం పరీక్షించింది. ఒత్తిడిలో ఆడబోయే ముందు కుడిచేతివాటం వాళ్లు ఒక మెత్తటి బంతిని కాసేపు ఎడమచేత్తో పిసకాలి. ఎడమచేత్తో పిసికినవాళ్ల ఆట ఒత్తిడిలో పడిపోలేదు, కుడిచేత్తో పిసికినవాళ్లది పడిపోయింది. ఎడమచేతి కదలిక మెదడు కుడి సగాన్ని లేపుతుందని, అప్పుడు మాటలతో సూచనలిచ్చే ఎడమ సగం జోరు తగ్గుతుందని వాళ్ల వివరణ. ఆడినవాళ్ల సంఖ్య చిన్నదే, మెదడు గురించి చెప్పింది కూడా ఇంకా గట్టిగా తేలాల్సిందే, కాబట్టి దీన్ని మంత్రంలా నమ్మక్కర్లేదు. చేసి చూడటానికి పోయేదీ లేదు. కాకపోతే షటిల్ సర్వీస్‌లో ఎడమచేతిలో కాక్ ఉంటుంది, దాన్ని పిసికితే ఈకలు విరుగుతాయి. కాబట్టి ఆ పిసికేదేదో కాక్ చేతికి తీసుకోకముందే, తువాలుతో చెమట తుడుచుకునే ఆ నాలుగు క్షణాల్లోనే, తువాలునే ఉండచుట్టి కానిచ్చెయ్యాలి.